విడివిడిగా వేసినా కలిపి వేసినా అవే గుణకాలు: బహుఫలిత రిగ్రెషన్ వెనుక కథ

రక్తపోటు చూపించుకున్న ప్రతివారికీ రెండు అంకెలు వస్తాయి, పై బీపీ, కింది బీపీ. ఉప్పు వాడకం, వయసు ఈ రెండింటినీ ఎలా మారుస్తాయో తేల్చాలంటే పై బీపీకి ఒకటి, కింది బీపీకి ఒకటి చొప్పున రెండు రిగ్రెషన్లు వేయవచ్చు. రెండు ఫలితాలనూ ఒకే నమూనాలో పెట్టి కలిపీ వేయవచ్చు. ఆర్ భాషలో అది ఒక్క వరుస, ఇందులో sbp పై బీపీ, dbp కింది బీపీ:

```
m <- lm(cbind(sbp, dbp) ~ age + salt)
```

మొదటిసారి ఇలా వేసినవారు తెరమీద అంకెలు చూసి ఆశ్చర్యపోతారు. విడిగా వేసినప్పుడు వచ్చిన గుణకాలే చివరి దశాంశం వరకు వస్తాయి. ప్రామాణిక దోషాలూ అవే. దాంతో కలిపి వేయడం వృథా అని కొందరు తేల్చేస్తారు. కలిపి వేశాం కాబట్టి అంచనాలు మెరుగుపడ్డాయని పరిశోధన వ్యాసంలో రాసేవారు మరికొందరు. రెండూ పొరపాటే. ఎందుకో తెలియాలంటే తొంభై ఏళ్లకు పైగా వెనక్కి వెళ్లాలి.

ముందుగా అంకెలు ఎందుకు మారవో చూద్దాం. కలిపి వేసినప్పటి సూత్రం B = (X'X)⁻¹X'Y. Xలో వయసు, ఉప్పు లాంటి చరరాశులు ఉంటాయి, Yలో ప్రతి ఫలితం ఒక నిలువు వరుస. సూత్రం ఒక్కో వరుసను తీసుకుని వేరుగానే లెక్కిస్తుంది, పక్క వరుస వైపు చూడదు. ఇందులో ఇంకో సంగతి ఉంది. ఒక మనిషి కింది బీపీ అంచనా కంటే ఎక్కువగా ఉంటే, పై బీపీ కూడా ఎక్కువగా ఉంటుందని ఊహించవచ్చు. కానీ అంచనా పోగా మిగిలిన ఆ అవశేషం నుంచి వయసు, ఉప్పు తాలూకు పాలు అప్పటికే పూర్తిగా తీసేసి ఉంటుంది. రెండు సమీకరణాల్లోనూ అవే చరరాశులు ఉన్నంతవరకు, ఆ మిగులు ఉప్పు గుణకం గురించి కొత్తగా ఏమీ చెప్పలేదు.

మరి కలిపి వేయడం దేనికి? ఈ విద్యను మొదట కట్టినవారు అడిగింది గుణకాల గురించి కాదు, పరీక్షల గురించి. 1931లో గణాంకవేత్త హెరాల్డ్ హోటెలింగ్ టి-పరీక్షను అనేక ఫలితాలకు విస్తరించాడు. మరుసటి ఏడాది శామ్యూల్ విల్క్స్ అనేక ఫలితాలను ఒకేసారి పరీక్షించే తన లాంబ్డా కొలతను ఇచ్చాడు. కలకత్తాలో మహలనోబిస్ అప్పటికే శరీర కొలతలను బట్టి మానవ సమూహాల మధ్య దూరాన్ని ఎలా కొలవాలా అని ఆలోచిస్తున్నాడు. తల పొడవు, వెడల్పు లాంటి కొలతలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి కాబట్టి ఒక్కోదాన్ని విడిగా పోల్చి కూడితే ఒకే తేడాను రెండుసార్లు లెక్కపెట్టినట్లవుతుంది.

ఈ కథలోకి మన సి.ఆర్.రావు అక్కడే వచ్చాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. చేసి కలకత్తాలోని భారత గణాంక సంస్థకు చేరిన రావును 1946లో కేంబ్రిడ్జికి పంపారు. సూడాన్‌లోని జెబెల్ మోయా తవ్వకాల్లో దొరికిన అస్థిపంజరాల కొలతలను విశ్లేషించడం అక్కడ ఆయన పని. ఒక్కో ఎముక మీద ఎన్నో కొలతలు. అన్నిటినీ కలిపి చూసినప్పుడు ఏ కొలత కొత్త సమాచారం తెస్తుంది, ఏది పాతదాన్నే మళ్లీ చెబుతుంది అన్న ప్రశ్న ఆయన రచనల్లో మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. అందులోంచి పుట్టిన ఒక చిక్కును గణాంకవేత్తలు ఇప్పటికీ రావు విరోధాభాసం అని పిలుస్తారు.

దాన్ని బీపీ మీదే చూద్దాం. అంకెలు నేను కల్పించినవి. చాలామందిని కొలిచామని, వయసు, ఉప్పు లెక్క తీసేశాక రెండు బీపీల అవశేషాల మధ్య సహసంబంధం 0.9 అని అనుకుందాం. చరరాశులు ఒకటే కాబట్టి రెండు ఉప్పు గుణకాల అంచనాల మధ్య సహసంబంధం కూడా సరిగ్గా అంతే. రెండింటికీ విడివిడిగా t విలువ 2.2 వచ్చింది. హద్దు 1.96 కాబట్టి రెండూ గెలిచినట్లే. ఇప్పుడు ఉమ్మడి పరీక్ష, ఇందులో r ఆ సహసంబంధమే:

```
T² = (t1² + t2² − 2·r·t1·t2) / (1 − r²)
```

లెక్క వేస్తే 5.1 వస్తుంది. రెండు ఫలితాలకు హద్దు 5.99. విడిగా రెండూ గెలిచి, కలిపితే ఓడిపోయాయి. రెండో బీపీ దాదాపు మొదటిదాని నకలే కాబట్టి, రెండు సాక్ష్యాలుగా కనిపించినది నిజానికి ఒకటే. ఇప్పుడు సహసంబంధం 0.8 అని, t విలువలు 1.6, −1.2 అని తీసుకోండి. విడిగా ఏదీ గెలవదు. కలిపితే 19.6. ఎప్పుడూ జంటగా కదిలే రెండు అంకెలు ఎదురెదురు దిక్కులకు వెళ్లడం చాలా అరుదు, ఉమ్మడి పరీక్ష పట్టుకున్నది దాన్నే. విడి రిగ్రెషన్లకు ఈ సంగతి కనిపించే వీలే లేదు.

ఉప్పు ప్రభావం పై బీపీ మీద ఎక్కువా, కింది బీపీ మీద ఎక్కువా అన్న ప్రశ్నకూ ఇదే అవసరం. రెండు గుణకాల ప్రామాణిక దోషం చెరో 0.5, సహసంబంధం 0.8 అయితే తేడా ప్రామాణిక దోషం 0.32. విడి ఫలితాలను పక్కపక్కన పెట్టి, వాటి మధ్య సంబంధమే లేదన్నట్లు లెక్కిస్తే 0.71 వస్తుంది. రెట్టింపుకు మించిన ఆ తప్పు వల్ల నిజమైన తేడాలు ఎన్నో కొట్టుకుపోతాయి.

గుణకాలే మారే పరిస్థితిని 1962లో ఆర్థికవేత్త ఆర్నాల్డ్ జెల్నర్ చూపించాడు. ఆయన ఉదాహరణ జనరల్ ఎలక్ట్రిక్, వెస్టింగ్‌హౌస్ కంపెనీల 1935–1954 నాటి పెట్టుబడులు. ఒక్కో కంపెనీ పెట్టుబడిని దాని సొంత మార్కెట్ విలువ, సొంత మూలధన నిల్వ నిర్ణయిస్తాయి. అంటే రెండు సమీకరణాల్లో చరరాశులు వేరు. కానీ రెండూ ఒకే పరిశ్రమలోవి కాబట్టి మంచి ఏడూ చెడ్డ ఏడూ ఉమ్మడివే. అవశేషాల సహసంబంధం దాదాపు 0.73. కలిపి వేసేసరికి జనరల్ ఎలక్ట్రిక్ మార్కెట్ విలువ గుణకం 0.0266 నుంచి 0.0383కి మారింది, ప్రామాణిక దోషం కూడా తగ్గింది. వెస్టింగ్‌హౌస్ సమీకరణంలో జనరల్ ఎలక్ట్రిక్ విలువకు చోటు లేదన్న నిబంధనే ఇక్కడ అదనపు సమాచారం. ఆ నిబంధన తప్పైతే ఒక సమీకరణంలోని లోపం పక్కదానికీ పాకుతుంది. ఈ పద్ధతి వాడేవారు ముందుగా భయపడాల్సింది దానికే అని నా అభిప్రాయం. విడిగా వేసి ఉంటే ఆ తప్పు తన గదిలోనే ఉండిపోయేది.

1997లో లియో బ్రైమన్, జెరోమ్ ఫ్రీడ్‌మన్ మరో దారి తెరిచారు. గుణకాల సంగతి పక్కన పెట్టి, కొత్త మనిషికి అంచనా చెప్పడమే లక్ష్యమైతే, చరరాశులు ఒకటే అయినా ఫలితాల మధ్య సంబంధాన్ని వాడుకుని అంచనాలను కొంత కుదించి మెరుగుపరచవచ్చని చూపారు. దానికి బదులుగా నిష్పాక్షికతను, అంటే అంచనా సగటున నిజ విలువకే చేరే గుణాన్ని, కొంత వదులుకోవాలి.

ఆచరణలో ఎక్కువమందిని తప్పుదారి పట్టించేది మాత్రం ఖాళీ గడులు. కొందరికి పై బీపీ నమోదై, కింది బీపీ నమోదు కాలేదనుకోండి. పైన రాసిన cbind వరుస అలాంటి మనుషులను పూర్తిగా తీసేస్తుంది, విడిగా వేసిన sbp రిగ్రెషన్ వారిని ఉంచుతుంది. అప్పుడు గుణకాలు మారతాయి. చూసినవారు అది కలిపి వేయడం వల్ల వచ్చిన మార్పని అనుకుంటారు. nobs(m) ఇచ్చే సంఖ్యను విడి రిగ్రెషన్ లెక్కతో పోలిస్తే ఎంతమంది రాలిపోయారో తెలుస్తుంది. వారిని కూడా ఉంచుకుని రెండు ఫలితాలనూ కలిపి వాడాలంటే, lm వదిలి, నమోదైన ప్రతి కొలతనూ ఒక్కో వరుసగా తీసుకునే మిశ్రమ నమూనాకు వెళ్లాలి.