రంగు వచ్చినంత మాత్రాన వేగినట్టు కాదు: గులాబ్ జామూన్ వేయింపుపై అపోహలు, వాస్తవాలు

గులాబ్ జామూన్ చెడిపోతే చాలామంది మొదట కోవాను, ఆ తరువాత పాకాన్ని తప్పుపడతారు. మిఠాయిలు చేసే వృత్తిలో ఉన్న నేను నా దగ్గరకు వచ్చే ప్రశ్నలను బట్టి చెప్పగలిగింది ఏమిటంటే, పైన పగుళ్లు రావడానికీ, మధ్యలో పచ్చిగా గడ్డకట్టి ఉండడానికీ కారణం ఎక్కువసార్లు నూనె వేడిలోనే దొరుకుతుంది. అందువల్ల ఇక్కడ పాకం పాళ్ల జోలికి పోకుండా, ఉండ నూనెలో ఉన్న ఆ పది నిమిషాల గురించి మాత్రమే రాస్తున్నాను.

అపోహ: ముదురు గోధుమ రంగు వచ్చిందంటే లోపల కూడా వేగినట్టే.

రంగు పైపొరకు సంబంధించినది మాత్రమే. కోవాలో ఉండే పాల చక్కెర, పాల మాంసకృత్తులు వేడికి కలిసి రంగు తెస్తాయి. నూనె బాగా కాగి ఉంటే ఈ పని రెండు నిమిషాల్లో కూడా పూర్తవుతుంది. లోపలి సంగతి వేరు. ఉండలో తేమ ఉన్నంతసేపు, గట్టిపడిన పైపొర కిందనున్న భాగం సుమారు 100 డిగ్రీల సెల్సియస్‌ను దాటదు, ఎందుకంటే అంతకు మించి అందే వేడి అంతా నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. అంటే నూనెను 140 డిగ్రీల నుంచి 180కి పెంచినా మధ్యభాగానికి వేడి చేరే వేగం పెద్దగా పెరగదు, కానీ పైన రంగు రావడం మాత్రం ఎన్నో రెట్లు త్వరపడుతుంది. మంట పెంచి సమయం కలిసివచ్చిందనుకునేవారికి నిజానికి కలిసివచ్చేది రంగు ఒక్కటే. మధ్యలోని మైదా ఉడికి నిలదొక్కుకోవాలంటే అక్కడి వేడి 90 డిగ్రీల దగ్గరకు రావాలి, దానికి కావలసింది వ్యవధి.

ఈ వ్యవధి ఉండ పరిమాణాన్ని బట్టి మారుతుంది. 15 గ్రాముల ఉండ అడ్డుకొలత సుమారు 3 సెంటీమీటర్లు ఉంటుంది. బరువును రెట్టింపు చేసి 30 గ్రాముల ఉండ చుడితే అడ్డుకొలత 3.7 సెంటీమీటర్ల వరకే పెరుగుతుంది కనుక చూపుకు పెద్ద తేడా కనిపించదు, కానీ మధ్యకు వేడి చేరడానికి పట్టే సమయం సుమారు ఒకటిన్నర రెట్లు అవుతుంది. చిన్న ఉండలతో చక్కగా కుదిరిన పద్ధతి పెద్ద ఉండలు చుట్టిన రోజున పచ్చిగా మిగలడానికి ఇదే కారణం. పెద్దవి వేసినప్పుడు నూనె వేడిని మరో ఐదారు డిగ్రీలు తగ్గించి, సమయాన్ని పెంచుకోవాలి.

అపోహ: సన్నని సెగ అంటే స్టవ్ మీట తిప్పి చిన్న మంట మీద ఉంచడమే.

నిలకడగా ఉండాల్సింది నూనె వేడి. మంట ఒకే తీరున ఉన్నా నూనె వేడి ఉండలు పడగానే దిగుతుంది, అవి తీసేయగానే ఎక్కుతుంది, రెండో వాయి వేసేసరికి మరో చోట ఉంటుంది. ఒక కొలత పెట్టుకుని చూస్తే ఇది బాగా అర్థమవుతుంది.

200 గ్రాముల మెత్తని కోవా, 50 గ్రాముల మైదా, చెంచాలో ఎనిమిదో వంతు వంటసోడా, కలపడానికి సరిపడా పాలు తీసుకుంటే 15 గ్రాముల ఉండలు పదిహేడు వరకు వస్తాయి. అడుగు మందంగా ఉన్న బాణలిలో లీటరు నూనె పోసి, ఉండ మునిగి పైన ఇంకొంత ఖాళీ ఉండేలా చూసుకోవాలి. నూనె 140 డిగ్రీలకు వచ్చాక మంటను బాగా తగ్గించి, ఎనిమిది ఉండలను ఒక్కొక్కటిగా అంచు వెంట జారవిడవాలి. నూనె 125–130 డిగ్రీల మధ్యకు దిగుతుంది. మనకు కావలసింది కూడా అదే. ఉండలు ముందు అడుగుకు చేరి, చుట్టూ ఆవగింజలంత బుడగలు వదులుతూ ఒకటి రెండు నిమిషాల్లో వాటంతట అవే పైకి తేలాలి. తేలిన తరువాత మంటను కొద్దిగా పెంచుతూ, ఏడెనిమిది నిమిషాల్లో నూనె నెమ్మదిగా 145 డిగ్రీలకు చేరేలా చూసుకుంటే, లోపల ఉడకడమూ పైన రంగు రావడమూ ఇంచుమించు ఒకే సమయానికి పూర్తవుతాయి. మొదటి వాయిని తీసేటప్పుడు మంట ఆపేయాలి. ఉండల బరువు లేని నూనె మంట మీద చూస్తుండగానే వేడెక్కిపోతుంది కాబట్టి, దానిని మళ్లీ 140కి రానిచ్చిన తరువాతే రెండో వాయి వేయాలి. మొదటి వాయి బాగా వచ్చి రెండోది పగిలిందని చెప్పేవారిలో చాలామంది ఈ చోటే తొందరపడి ఉంటారు.

థర్మామీటర్ లేకపోతే బఠాణీ గింజంత పిండిని వేసి చూడండి. అది అడుగున కాసేపు ఆగి, సన్నని బుడగలతో నింపాదిగా పైకి రావాలి, వచ్చినప్పుడు ఇంకా తెల్లగానే ఉండాలి. వేసిన వెంటనే చిటపటమంటూ తేలితే నూనె ఎక్కువ కాగినట్టు. కదలక మెదలక అడుగునే ఉండిపోతే ఇంకా కాగనట్టు.

అపోహ: మంట ఎంత తగ్గిస్తే అంత మంచిది.

సన్నని సెగకు కూడా ఒక కింది హద్దు ఉంది. నూనె సుమారు 110 డిగ్రీల దగ్గరే ఉండిపోతే పైపొర గట్టిపడడానికి ముందే కోవాలోని వెన్న కరిగి బయటకు వస్తుంది. అప్పుడు ఉండ అడుగున చదునుగా అయి బాణలికి అంటుకుంటుంది, పైభాగం గుంటలు పడి గరుకుగా మారుతుంది, నూనెలో పొడి రాలి నురుగు కడుతుంది, ఒక్కోసారి ఉండ మొత్తం విడిపోతుంది. విడిపోకుండా నిలబడినా, ఇరవై నిమిషాలు నూనెలో నానిన ఉండకు మందమైన తోలు ఏర్పడుతుంది, ఆ తోలు దాటి పాకం లోపలికి పోవడం కష్టం. ఇలాంటి జామూన్‌ను నొక్కితే పాకానికి బదులు నూనె కనిపిస్తుంది.

అపోహ: పగుళ్లన్నీ పిండి సరిగా కలపకపోవడం వల్లే వస్తాయి.

ఇందులో సగం నిజం ఉంది, అందుకే ఈ అపోహ అంత తొందరగా పోదు. పగుళ్లు రెండు రకాలుగా వస్తాయి, వాటిని చూపుతోనే విడదీయవచ్చు. వేగిన జామూన్‌ను తీసి, పగులు లోపలి గోడ ఏ రంగులో ఉందో గమనించండి. లోపలి గోడ కూడా పైభాగంలాగే గోధుమ రంగులో ఉంటే, ఆ పగులు నూనెలో పడిన మొదటి క్షణాల నుంచీ ఉన్నదే. పిండి పొడిబారినా, కోవాలో పలుకులు మిగిలినా, చుట్టిన ఉండలను తడిగుడ్డ కప్పకుండా ఆరబెట్టినా కంటికి కనిపించని సన్నని గీతలు ఏర్పడి, నూనెలో పడగానే విచ్చుకుంటాయి. దీనికి మందు నూనెలో లేదు. పిండికి ఒక చెంచా పాలు చేర్చి, గీత లేకుండా నున్నగా మళ్లీ చుట్టుకోవాలి.

అలా కాకుండా పైపొర ముదురుగా ఉండి, పగులు లోపల మాత్రం లేత పసుపు రంగులోనో తెల్లగానో ఉంటే, అది ఆలస్యంగా పగిలిందన్నమాట. వేడి ఎక్కువై పైపొర ముందే గట్టిపడింది, ఆ తరువాత లోపలి ఆవిరి, సోడా నుంచి పుట్టిన వాయువు విస్తరించడానికి చోటు లేక, బలహీనంగా ఉన్న ఒక పక్కన చీల్చుకుని వచ్చాయి. ఇలాంటి పగులు సాధారణంగా ఒకటే ఉంటుంది, వెడల్పుగా ఉంటుంది, అందులోంచి మెత్తని పిండి కొద్దిగా ఉబికి కనిపిస్తుంది. దీనిని చూసి పిండిని మరింత మర్దించడం మొదలుపెట్టారంటే మైదా సాగుడు పట్టి, జామూన్ రబ్బరులా తయారవుతుంది. నూనె వేడి తగ్గించాల్సిన చోట పిండిని దండించడం నాకు తరచుగా కనిపించే పొరపాటు.

అపోహ: మధ్యలో గట్టిగా ఉంటే సోడా ఇంకొంచెం వేయాలి.

సోడా వాయువును పుట్టించగలదు గానీ, పచ్చిపిండిని ఉడికించలేదు. ఎక్కువ వేస్తే ఉండ వేగంగా ఉబ్బి పగులుతుంది, ఉడకని మధ్యభాగం చల్లారాక కూలిపోతుంది. పైగా సోడా వల్ల రంగు కూడా త్వరగా వస్తుంది కాబట్టి, మనం ఇంకా ముందుగా తీసేస్తాం, లోపల ఇంకా పచ్చిగా మిగులుతుంది.

అపోహ: కొద్దిగా పచ్చి మిగిలినా వేడి పాకంలో ఉడికిపోతుంది.

ఉడకదు. జామూన్లు వేసేటప్పటి పాకం చేతికి బాగా వెచ్చగా తగిలేంత, అంటే సుమారు 60 డిగ్రీలు ఉంటే సరిపోతుంది. ఆ వేడి మైదాను ఉడికించడానికి చాలదు. దానికి తోడు చక్కెర దగ్గరుంటే పిండి పదార్థం ఉడకడానికి మామూలు కంటే ఎక్కువ వేడి కావాలి. పాకాన్ని మరిగించి అందులో వేస్తే జామూన్ పైపొర చెదురుతుందే తప్ప గడ్డ కరగదు. ఇలాంటి జామూన్ పాకంలో ఉండగా ఉబ్బినట్టే కనిపించి, కాసేపటికి ముడతలు పడి ముడుచుకుంటుంది. కోస్తే చుట్టూ పాకం పీల్చుకున్న స్పంజిలాంటి భాగం, నడిమధ్య పాకం తాకని తెల్లని ముద్ద విడివిడిగా కనిపిస్తాయి.

అందుకే మొదటి వాయిలోంచి ఒకదానిని పాకంలో వేయకముందే విరిచి చూడాలి. అంచు నుంచి మధ్య వరకు ఒకేలా సన్నని గుల్లలు కనిపిస్తే సరిగ్గా వేగినట్టు. మధ్యలో వేలికి అంటుకునే ముద్ద ఉండి, పైన రంగు ఇంకా లేతగానే ఉంటే మిగిలిన వాటిని 130 డిగ్రీల నూనెలో మరో మూడు నాలుగు నిమిషాలు ఉంచవచ్చు. రంగు ఇప్పటికే ముదిరిపోయి ఉంటే ఆ వాయిని నూనెలో బాగుచేయలేం; తరువాతి వాయిని పది డిగ్రీలు తక్కువ వేడితో మొదలుపెట్టాలి.

అపోహ: వేసిన క్షణం నుంచీ గరిటెతో తిప్పుతూనే ఉండాలి.

తేలేవరకు ఉండలను తాకకూడదు. అప్పుడు వాటి పైపొర ఇంకా మెత్తగా ఉంటుంది, గరిటె తగిలితే సొట్టపడుతుంది. అడుగున అంటుకుంటాయని భయముంటే బాణలిని కాకుండా నూనెను కదపాలి, అంటే చిల్లుల గరిటె వీపుతో ఉండల పక్కన నూనెలో మెల్లగా సుడి తిప్పాలి. తేలిన తరువాత మాత్రం ఆపకుండా దొర్లించాలి, లేకపోతే పైకి తేలిన సగం లేతగా, నూనెలో ఉన్న సగం ముదురుగా తయారవుతుంది.

పాలపొడితో చేసేవారికి ఈ లెక్కలో చిన్న మార్పు ఉంది. పాలపొడిలో పాల చక్కెర ఎక్కువ కావడంతో రంగు ఇంకా ముందే వచ్చేస్తుంది కనుక నూనెను 130 డిగ్రీల దగ్గరే ఉంచి ఉండలు వేయాలి. కలిపిన పిండి తేమను పీల్చుకుంటూ పది నిమిషాల్లో గట్టిపడుతుంది, అందువల్ల కలిపినప్పుడు చేతికి కాస్త అంటుకునేంత మెత్తగా ఉంచుకుని, ఆ పది నిమిషాల తరువాతే ఉండలు చుట్టాలి.