ఫోన్ కీబోర్డులో అంకెల వరుస ఎందుకు పోయింది, కీ తాకిడి ఎలా తిరిగొచ్చింది?

`k7m4q2` అనే కోడ్‌ను ఫోన్‌లో కొట్టి చూడండి. అంకెల వరుస లేని కీబోర్డయితే k కొట్టాక `?123` నొక్కి అంకెల పేజీకి వెళ్లాలి. 7 కొట్టాక అదే చోట ఉన్న `ABC` నొక్కి వెనక్కి రావాలి. ఇలా ఆరు అక్షరాలు పూర్తయ్యేసరికి పదకొండు సార్లు నొక్కాల్సి వస్తుంది.

ఇప్పుడు మొదటిసారి `?123` సరిగ్గా పడలేదనుకోండి. అంకెల పేజీలో 1 నుంచి 0 దాకా ఉండే కీలు, అక్షరాల పేజీలో q నుంచి p దాకా ఉండే చోట్లలోనే ఉంటాయి. అందుకే 7 బదులు u పడుతుంది. పేజీ మార్చే కీ రెండు వైపులకూ ఒకటే కాబట్టి తప్పు అక్కడితో ఆగదు. వెనక్కి వస్తున్నామనుకుని నొక్కితే అంకెల్లోకి వెళ్తాం. m ఉండాల్సిన చోట ఏదో విరామ చిహ్నం, 4 బదులు r, q బదులు 1, చివర 2 బదులు w. తప్పిపోయింది ఒక్క నొక్కే అయినా కోడ్ అంతా తలకిందులవుతుంది. పాస్‌వర్డ్ పెట్టెలోనైతే చుక్కల వెనక ఇదేదీ కనబడదు. తప్పులు దిద్దే సాఫ్ట్‌వేర్ కూడా ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే ఇలాంటి కోడ్ ఏ నిఘంటువులోనూ ఉండదు.

టైప్‌రైటర్‌కు ఈ ఇబ్బంది లేదు. 1870లలో క్రిస్టఫర్ షోల్స్ రూపొందించిన యంత్రాల నుంచీ అంకెలు అక్షరాలకు పైన వాటి సొంత వరుసలోనే ఉన్నాయి. తొలి యంత్రాల్లో 1కీ 0కీ విడి కీలు లేక I, O అక్షరాలతో సరిపెట్టుకున్నారు కానీ వరుసను మాత్రం తీసేయలేదు. కంప్యూటర్ కీబోర్డుకూ అదే వచ్చింది.

2007లో వచ్చిన మొదటి ఐఫోన్‌లో ఆ వరుసకు చోటు దొరకలేదు. నిలువుగా పట్టుకుంటే తెర వెడల్పు సుమారు 50 మిల్లీమీటర్లు. వరుసకు పది అక్షరాలు పెడితే ఒక్కో కీకి దక్కేది 5 మిల్లీమీటర్లే, అంటే వేలికొన కంటే బాగా తక్కువ. 480 పిక్సెళ్ల ఎత్తున్న తెరలో నాలుగు వరుసల కీబోర్డే 216 పిక్సెళ్లు తీసుకుంది. అదే కొలతలో ఐదో వరుస చేరిస్తే తెరలో సగానికి పైగా కీబోర్డే ఆక్రమించేది, రాస్తున్నది చూసుకోవడానికి చోటు మిగిలేది కాదు. అందుకని అంకెలను రెండో పేజీకి పంపారు. ఆ తెరకు అది సరైన నిర్ణయమేనని నేననుకుంటాను. తెరలు పెద్దవయ్యాక కూడా చాలా ఫోన్లలో అదే అమరిక కొనసాగడమే అసలు చిక్కు.

టచ్‌స్క్రీన్ అద్దం తీసేసుకున్నది అంకెల వరుసనే కాదు. కంప్యూటర్ కీబోర్డు మీద F, J కీలపై చిన్న గీతలుంటాయి, చూడకుండానే వేళ్లు తమ చోటును పట్టుకోవడానికి. కీ కిందికి దిగితే నొక్కు పడిందని కూడా తెలుస్తుంది. అంటే వేలికి రెండు కబుర్లు అందేవి: ఏ కీ మీద ఉన్నానన్నది ఒకటి, అది పడిందా లేదా అన్నది రెండోది. అద్దం మీద రెండూ పోయాయి.

రెండోదాన్ని తిరిగి తెచ్చేందుకు 2008లో బ్లాక్‌బెర్రీ స్టార్మ్ ఫోన్‌లో తెర మొత్తాన్నీ ఒకే మీటలా కిందికి నొక్కుకునేట్టు చేశారు. ఒక బొటనవేలు ఎత్తితే గానీ రెండోది నొక్కడం కుదరక రెండు చేతులతో కొట్టేవాళ్లు నెమ్మదించాల్సి వచ్చింది. అదే ఏడాది గ్లాస్గో విశ్వవిద్యాలయంలో ఈవ్ హొగన్, స్టీఫెన్ బ్రూస్టర్, జోడీ జాన్‌స్టన్ నిజమైన కీలను, ఉత్త టచ్‌స్క్రీన్‌ను, కంపనం జోడించిన టచ్‌స్క్రీన్‌ను ప్రయోగశాలలోనూ, భూగర్భ రైల్లోనూ పోల్చి చూశారు. కంపనం చేర్చాక టచ్‌స్క్రీన్ మీద తప్పులు తగ్గాయి.

ఆండ్రాయిడ్ కీబోర్డుల్లో కంపనం తొలినాళ్ల నుంచే ఉంది. ఐఫోన్ సొంత కీబోర్డుకు మాత్రం అది 2022లో, ఐఓఎస్ 16తో వచ్చింది. అయితే అన్ని కంపనాలూ ఒకటి కావు. పాత, చవక ఫోన్లలో ఉండేది ఒక పక్కకు బరువున్న చిన్న తిరిగే మోటారు. అది వేగం అందుకోవడానికీ, ఆగడానికీ కొంత సమయం పడుతుంది. సెకనుకు ఐదు అక్షరాలు కొట్టేవారికి రెండు నొక్కుల మధ్య ఉండేది 200 మిల్లీసెకన్లే. ఒక కీ గుర్ర్‌మన్నది ఆగకముందే రెండోది మొదలైతే, ఏది పడిందో ఏది పడలేదో వేలికి తెలియదు. తరవాతి ఫోన్లలో వచ్చిన, ముందుకూ వెనక్కూ కదిలే లీనియర్ మోటారు ‘టిక్’మని కొట్టి ఆగిపోతుంది. గూగుల్ కీబోర్డయిన జీబోర్డ్‌లో `Vibration strength on keypress` అనే సెట్టింగ్ చాలా ఫోన్లలో మిల్లీసెకన్లలో కనిపిస్తుంది. పేరులో బలం అని ఉన్నా మారేది కంపనం ఎంతసేపు ఉంటుందన్నదే. దాన్ని బాగా తగ్గిస్తే తిరిగే మోటారు కదలనే కదలదు. అందుకే సున్నా దగ్గర మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచుతూ, మొదట వేలికి తెలిసిన చోట ఆపాలి. అంతకు మించి పెంచితే గుర్రుమనడమే తప్ప లాభం లేదు.

శబ్దానిది మరో రకం ఉపయోగం. ఆండ్రాయిడ్‌లో మామూలు కీకి, స్పేస్‌కు, డిలీట్‌కు, రిటర్న్‌కు విడివిడి శబ్దాలు పెట్టే వీలుంది. ఐఫోన్ కూడా 2016లో అక్షరాలకు ఒకటి, డిలీట్‌కు ఒకటి, స్పేస్ లాంటి కీలకు ఒకటి చొప్పున వేరుచేసింది. కాబట్టి l కొట్టబోయి కిందికి జారి డిలీట్ మీద పడితే చెవి పట్టేస్తుంది. కంపనం సాధారణంగా ఆ తేడా చెప్పదు. కానీ బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నప్పుడు శబ్దం ఆలస్యంగా చేరుతుంది. అప్పుడు దాన్ని ఆపేయడమే మేలు.

ఈ రెండూ పడిందని చెబుతాయే గానీ సరైన కీ పడిందని చెప్పవు. q బదులు w పడినా అదే టిక్. ఆ తప్పును తగ్గించేది కీ పరిమాణం. అందుకే సెట్టింగులు మార్చే ముందు ఓ పది వాక్యాలు కొట్టి, దిద్దకుండా వదిలేసి, తప్పుల తీరు చూడాలి. e బదులు d, t బదులు g లాంటివి ఎక్కువైతే వేలు పై వరుస నుంచి కింది వరుసకు జారుతున్నట్టు. జీబోర్డ్ సెట్టింగుల్లో `Keyboard height` ఒక మెట్టు పెంచితే అవి తగ్గుతాయి. e బదులు r పడుతుంటే ఎత్తు వల్ల ఒరిగేది తక్కువ, ఎందుకంటే కొరత వెడల్పులో ఉంది. ఫోన్‌ను అడ్డంగా తిప్పాలి. ఒంటిచేతి మోడ్‌లో ఉంటే కీలు ఇంకా ఇరుకవుతాయి కాబట్టి దాన్నుంచి బయటికి రావాలి. అక్షరాలు ఎగిరిపోవడమో, రెండుసార్లు పడటమో జరుగుతుంటే అప్పుడు కంపనం, శబ్దం చూసుకోవాలి.

మొదటి కోడ్ దగ్గరికి వస్తే, జీబోర్డ్‌లో `Number row` ఆన్ చేస్తే ఆరు అక్షరాలకు ఆరే నొక్కులు. పేజీ మారే పనే లేదు. దానికీ ఒక ఖరీదుంది. ఇంతకుముందు q నుంచి p దాకా ఉన్న వరుసకు పైన ఖాళీ ఉండేది, వేలు కాస్త పైకి జరిగినా పోయేదేమీ లేదు. ఇప్పుడు అక్కడ అంకెలున్నాయి. మాటల మధ్య o బదులు 9, p బదులు 0 దొర్లుతుంటే వరుసను తీసేయక్కర్లేదు, ఎత్తును ఇంకో మెట్టు పెంచి చూడాలి. ఐఫోన్ సొంత కీబోర్డులోనైతే `123` కీని నొక్కి పట్టి, వేలు ఎత్తకుండా 7 దాకా జరిపి వదిలితే అంకె పడుతుంది, కీబోర్డు దానంతటదే అక్షరాలకు తిరిగొస్తుంది. `ABC` నొక్కాల్సిన అవసరమే ఉండదు.