నెలనెలా కాసే జ్వరం: అపోహలు - వాస్తవాలు

కోనసీమలో పిల్లల డాక్టర్‌గా నా దగ్గరికి వచ్చేవాటిలో ఎక్కువ భాగం జ్వరాలే. చాలావరకు వైరస్‌లు, వానల్లో డెంగీ, అప్పుడప్పుడు టైఫాయిడ్. ఈ పోస్టు వాటి గురించి కాదు. క్రిమి ఏదీ లేకుండానే పదేపదే కాసే జ్వరాల గురించి. ఒక పాప కేసు పట్టుకుని చెబుతాను, గుర్తు పట్టకుండా వివరాలు కొన్ని మార్చాను.

పాపకి మూడేళ్ళు. తల్లి తన సొంత మేనమామనే చేసుకుంది. నెలన్నర వయసులో టీకాలు వేయించిన రాత్రి మొదటిసారి జ్వరం వచ్చి అయిదు రోజులు వదల్లేదు. అప్పటినుంచి నాలుగు నుంచి ఆరు వారాలకోసారి ఇదే వరస. వణుకుతో మొదలై సాయంత్రానికి 103, 104 డిగ్రీలు. కడుపునొప్పి, వాంతులు, విరేచనాలు. మెడకి రెండు పక్కలా బిళ్ళలు కడతాయి, ఒంటిమీద ఎర్రటి మచ్చలు లేస్తాయి. అయిదో రోజుకో ఆరో రోజుకో అంతా పోతుంది, ఆ మర్నాటికి పిల్ల వాకిట్లో ఆడుకుంటూ ఉంటుంది.

అపోహ: యాంటీబయాటిక్ వేస్తే తగ్గింది కాబట్టి అది ఇన్ఫెక్షనే

"నాలుగు ఇంజెక్షన్లు పడేసరికి తగ్గిపోద్దండీ డాక్టర్‌గారూ. నెల తిరక్కుండా మళ్ళీ వచ్చేస్తాది" అంది తల్లి, కవరు నిండా చీటీలు టేబుల్ మీద పెట్టి. అన్ని చీటీల్లోనూ ఒకటే కథ. మొదటి రోజు ఒక సిరప్, తగ్గలేదని మూడో రోజు ఇంజెక్షన్, అయిదో రోజుకి జ్వరం మాయం. ఘనత ఇంజెక్షన్‌కి దక్కింది.

తేదీలన్నీ ఒక కాగితం మీద వరసగా రాశాం. సిరప్ ఏదైనా, ఇంజెక్షన్ ఏదైనా జ్వరం దిగింది అయిదో ఆరో రోజునే. ఒకసారి ఆవిడ పుట్టింట్లో పెళ్ళి పనుల్లో పడి పారాసెటమాల్ తప్ప ఏమీ వేయలేదు. అప్పుడూ అయిదో రోజునే దిగింది. తనంతట తాను ఆగిపోయే జ్వరానికి మూడో రోజు ఏ మందు ఇచ్చినా పని చేసినట్టే కనిపిస్తుంది.

ఇంకో చిక్కు విడాల్ పరీక్ష. రెండు మూడు చీటీల్లో 1:160 అని రాసి, టైఫాయిడ్ అని గీత గీశారు. టైఫాయిడ్ తిరిగే మన ప్రాంతంలో ఏ జబ్బూ లేనివాళ్ళకి కూడా ఆ మాత్రం యాంటీబాడీలు ఉండొచ్చు. బ్లడ్ కల్చర్ చేసినప్పుడల్లా ఏమీ పెరగలేదు. నన్నడిగితే ఇలాంటి పిల్లల్లో విడాల్ చేసిన నష్టం అంతా ఇంతా కాదు.

అపోహ: ఒళ్ళు కాలుతోందంటే లోపల క్రిమి ఉండాల్సిందే

జ్వరాన్ని క్రిమి నేరుగా పుట్టించదు, మన కణాలే పుట్టిస్తాయి. మోనోసైట్, మాక్రోఫేజ్ అనే తెల్ల కణాలు ఇందులో ముఖ్యమైనవి. ప్రమాదం సూచన అందగానే అవి ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే ప్రొటీన్‌ని తయారు చేస్తాయి. కానీ అది పని చేయని రూపంలో, కొంచెం పెద్ద ముక్కగా కణంలోనే ఉంటుంది. అది బయటికి రావాలంటే రెండో సూచన కావాలి. అప్పుడు కణంలో కొన్ని ప్రొటీన్లు గుమిగూడి ఒక పెద్ద నిర్మాణంగా కట్టుకుంటాయి. దానికే ఇన్‌ఫ్లమజోమ్ అని పేరు. స్విట్జర్లాండ్‌లోని లొజాన్‌లో యూర్గ్ చాప్ బృందం 2002లో ఆ పేరు పెట్టింది.

ఇన్‌ఫ్లమజోమ్ మధ్యలో క్యాస్పేస్-1 అనే ఎంజైమ్ మేలుకుని రెండు కోతలు కోస్తుంది. ఒక కోతతో ఇంటర్‌ల్యూకిన్-1 పని చేసే రూపానికి వస్తుంది. రెండో కోత గ్యాస్‌డెర్మిన్-డి అనే ప్రొటీన్‌కి పడుతుంది. ఆ తెగిన ముక్కలు కణం పొరకి రంధ్రాలు చేస్తాయి, వాటిలోంచి ఇంటర్‌ల్యూకిన్-1 బయటపడుతుంది. రంధ్రాలు ఎక్కువైతే కణమే పగిలిపోతుంది.

అక్కడినుంచి మెదడుకి. హైపోథాలమస్ దగ్గరి రక్తనాళాల కణాలకి ఇంటర్‌ల్యూకిన్-1 తగిలితే అవి ప్రోస్టాగ్లాండిన్-ఇ2 తయారు చేస్తాయి. దాంతో శరీరం ఉండాల్సిన వేడి ఇంత అనే లెక్క పైకి జరుగుతుంది. 104కి చేరేదాకా ఒంటికి చలేస్తూనే ఉంటుంది, అందుకే ఆ వణుకు. పారాసెటమాల్ అడ్డుపడేది ఈ చివరి మెట్టు దగ్గర మాత్రమే. అందుకే వేడి కాసేపు దిగినా పాప కడుపునొప్పి, బిళ్ళలు అలాగే ఉన్నాయి. పై మెట్లు ఆగలేదు కదా.

ఈ మెట్లన్నీ కదలడానికి క్రిమే ఉండక్కర్లేదు. గౌట్‌లో కీలులో పేరుకునే యూరిక్ యాసిడ్ స్ఫటికాలు కూడా ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 అనే ఇన్‌ఫ్లమజోమ్‌ని లేపుతాయి.

అపోహ: పిల్లకి ఇమ్యూనిటీ తక్కువ, అందుకే ఇన్నిసార్లు

ఈ మాట మీద ఎన్ని టానిక్కులు అమ్ముడవుతున్నాయో. ఈ పాప విషయంలో సంగతి పూర్తిగా ఉల్టా. పుట్టుకతో వచ్చే తొలి రక్షణ వ్యవస్థ శత్రువు లేకుండానే దాడికి దిగుతోంది.

ఇక్కడ పనిలో ఉన్న ఇన్‌ఫ్లమజోమ్ పేరు పైరిన్. దాని పద్ధతి వింతగా ఉంటుంది. అది క్రిమిని చూడదు, రో-ఏ అనే మన సొంత ప్రొటీన్ పని చేస్తోందా లేదా అని చూస్తుంది. కొబ్బరి తోట కాపలాదారు దొంగ మొహం ఎరగడు, కుక్క మొరగడం ఆగిందంటే మాత్రం కేకలు పెడతాడు. కుక్కకి విషం పెట్టేవాడే దొంగ అని అతని లెక్క. కొన్ని బ్యాక్టీరియాల విషాలు నిజంగానే రో-ఏని పడగొడతాయి. అది పడగానే పైరిన్ లేస్తుంది. పైరిన్ ఇలా పని చేస్తుందని 2014లో తేలింది.

మన పాపకి దొంగ రాలేదు, కుక్కకి తిండి లేదు. రో-ఏ పని చేయాలంటే దానికి ఒక కొవ్వు తోక అతుక్కోవాలి. ఆ తోక తయారయ్యేది కొలెస్ట్రాల్ తయారయ్యే దారిలోంచే, మధ్యలో మెవలొనేట్ కైనేజ్ అనే ఎంజైమ్ కావాలి. ఆ ఎంజైమ్ తయారీకి ఆధారమైన ఎంవీకే జన్యువులో పాపకి లోపం ఉంది. తోక చాలదు, రో-ఏ మందగిస్తుంది, పైరిన్ లేస్తుంది. ఇంకో విషయం, ఈ లోపమున్న ఎంజైమ్ వేడికి మరింత నీరసపడుతుంది. అంటే టీకా వల్లో జలుబు వల్లో వచ్చిన చిన్న జ్వరమే అయిదు రోజుల పెద్ద జ్వరానికి దారి తీస్తుంది. మొదటి దాడి టీకా రాత్రి రావడంలో మర్మం ఇదే. అలాగని టీకాలు మానకూడదు. ముందే చెప్పి, సిద్ధంగా ఉండి వేయించాం.

అపోహ: తిరిగి తిరిగి వచ్చే జ్వరాలన్నీ ఒకటే

డెల్టాలో ముందు చూడాల్సినవి వేరే ఉన్నాయి. పెద్దవాళ్ళకి గజ్జల్లో బిళ్ళ కట్టి, కాలు ఎర్రబడి, నాలుగైదు రోజులు కాసి తగ్గే జ్వరం చాలాసార్లు బోదకాలు జబ్బుది. మలేరియాకి రక్తం చూస్తే సరిపోతుంది.

అవి కాదని తేలాక జ్వరం ఎన్ని రోజులుందో చూడాలి. ఒకటి నుంచి మూడు రోజుల్లో పోతూ, భరించలేని కడుపునొప్పో ఛాతీనొప్పో ఉంటే ఫెమీలియల్ మెడిటరేనియన్ ఫీవర్ గుర్తుకు రావాలి. అందులో లోపం పైరిన్ జన్యువులోనే, అంటే కాపలాదారే అదిరిపడే మనిషి. వారాల తరబడి ఉంటూ కళ్ళ చుట్టూ వాపు వస్తే ట్రాప్స్ అనే వారసత్వ జ్వరం. చలిగాలి తగిలిన కొన్ని గంటలకి దద్దుర్లు, జ్వరం వస్తే లోపం ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 జన్యువులో. ఈ వారసత్వ జ్వరాలన్నిటికంటే ఎక్కువగా కనిపించేది పీఫాపా అనే జ్వరం. నోటిపూత, గొంతునొప్పి, మెడ బిళ్ళలతో దాదాపు క్యాలెండర్ చూసుకుని వచ్చినట్టు వస్తుంది. దానికి ఒక్క జన్యువంటూ కారణం లేదు, వయసుతో పోతుంది కూడా.

అపోహ: రక్తంలో ఇంటర్‌ల్యూకిన్-1 కొలిస్తే తేలిపోతుంది

తేలదు. దాడి జోరుగా ఉన్నప్పుడు కూడా రక్తంలో అది చాలాసార్లు దొరకదు. అతి తక్కువ మోతాదులోనే పని చేసేస్తుంది మరి. మనం దాని జాడలు చూస్తాం. పాపకి మూడో రోజున, ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్‌ని చూపించే సీఆర్‌పీ 148, తెల్ల కణాలు 19,000. జ్వరం పోయిన రెండు వారాలకి పిలిపించి మళ్ళీ చూస్తే సీఆర్‌పీ 4. ఈ రెండో పరీక్ష ఎవరూ చేయించరు, పిల్ల బాగుంది కదా అని. దాడికీ దాడికీ మధ్య పూర్తిగా మామూలుకి వచ్చిందని చూపించేది అదొక్కటే.

జ్వరం ఉన్నప్పుడే పట్టిన మూత్రంలో మెవలొనిక్ యాసిడ్ ఎక్కువగా ఉంది. జన్యు పరీక్షలో ఎంవీకే రెండు కాపీల్లోనూ ఒకే మార్పు ఉంది, అమ్మానాన్నలకి తలొక కాపీలో. మెవలొనేట్ కైనేజ్ లోపం అనే ఈ జబ్బుని హైపర్ ఐజీడీ అని కూడా పిలుస్తారు గానీ, చిన్నపిల్లల్లో ఐజీడీ అనే యాంటీబాడీ మామూలుగానే ఉండొచ్చు. అది చూసి జబ్బు లేదనుకోకండి.

అపోహ: మేనరికం జబ్బు, మందుండదు

మేనరికంలో ఒకే మార్పు రెండు వైపులా ఉండే అవకాశం ఎక్కువ, నిజమే. ఇద్దరికీ ఆ మార్పు ఒక్కో కాపీలో ఉన్న జంటకి ప్రతి కాన్పులోనూ బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. కానీ ట్రాప్స్, చలి దద్దుర్ల జబ్బు లాంటివాటికి ఒక్క కాపీ చాలు, బయటి సంబంధం చేసుకున్నా వస్తాయి.

మందు ఉంది. ఫెమీలియల్ మెడిటరేనియన్ ఫీవర్‌కి 1972 నుంచీ కోల్చిసిన్, గౌట్‌కి వాడే మాత్రే. అది రో-ఏని హుషారు చేసి పైరిన్‌ని శాంతపరుస్తుంది. దాన్ని రోజూ వేసుకోవాలి, నొప్పి వచ్చినప్పుడు మాత్రమే కాదు. మానేస్తే ఏళ్ళ తరబడి కిడ్నీల్లో అమిలాయిడ్ అనే ప్రొటీన్ పేరుకుని వాటిని పాడు చేయొచ్చు. మన పాప జబ్బుకి మాత్రం కోల్చిసిన్ పెద్దగా పని చేయదు. దాడి మొదలైన రోజే ఇబుప్రొఫెన్, ఉధృతంగా ఉంటే కొద్ది రోజులు ప్రెడ్నిసొలోన్ ఇస్తున్నాం. దాడులు ఇంకా దగ్గరపడితే ఇంటర్‌ల్యూకిన్-1ని అడ్డుకునే అనకిన్రా, కనకినుమాబ్ ఇంజెక్షన్లు ఉన్నాయి. అవి ఖరీదైనవి, పక్క వీధి మందుల షాపులో దొరికేవి కావు, పెద్ద సెంటర్ ద్వారా ప్రయత్నించాలి.

అపోహ: జబ్బేమిటో తెలిసింది కాబట్టి ఇక ప్రతి జ్వరమూ అదే

మొన్న వానల్లో పాపకి మళ్ళీ 103. ఇంట్లో మామూలే అనుకుని ఇబుప్రొఫెన్ సీసా తీశారు. కానీ ఈసారి మెడ బిళ్ళలు లేవు, విరేచనాలు లేవు, మొహం ఎర్రగా కంది ఉంది. తల్లికి అనుమానం వచ్చి, మందు వేయకముందే తీసుకొచ్చింది. తెల్ల కణాలు 3,200, ప్లేట్‌లెట్లు 90,000. పైరిన్ దాడిలో తెల్ల కణాలు పెరుగుతాయి, ఇలా పడిపోవు. ఎన్‌ఎస్1 చేయిస్తే డెంగీ. డెంగీలో ఇబుప్రొఫెన్ రక్తస్రావం ముప్పు పెంచుతుంది. అందుకే ఇప్పుడు వాళ్ళింట్లో ఆ సీసా మీద ఒక చీటీ అంటించి ఉంది: జూన్ నుంచి డిసెంబరు దాకా ముందు రక్త పరీక్ష, తర్వాతే ఈ మందు.