పొగలొచ్చే నూనె: అపోహలు – వాస్తవాలు

చాలా ఏళ్లుగా పెద్ద వంటశాలల్లో వేపుళ్ల పొయ్యి దగ్గర పనిచేస్తున్నాను. కొత్తగా చేరినవాళ్లకు నేను మొదట నేర్పేది కత్తి పట్టుకోవడం కాదు, నూనెను చూడటం. ఆ క్రమంలో పదేపదే వినే మాటలకు ఇక్కడ జవాబు చెబుతున్నాను.

అపోహ: పొగ వస్తేనే నూనె బాగా కాగినట్టు.

పొగ వచ్చిందంటే నూనె కాగడం దాటిపోయి విరగడం మొదలైందని అర్థం. వేపుళ్లకు కావలసిన వేడి 170 నుంచి 180 డిగ్రీల సెల్సియస్. శుద్ధి చేసిన తాజా పొద్దుతిరుగుడు నూనె పొగ వదిలేది దాదాపు 225 డిగ్రీల దగ్గర. థర్మామీటర్ లేకపోతే పొడి చెక్క గరిట కాడను నూనెలో ముంచి చూడండి. దాని చుట్టూ సన్నని బుడగలు ఆగకుండా లేస్తుంటే వేడి సరిపోయినట్టే.

చేదు ఎక్కడి నుంచి వస్తుందో కూడా ఇక్కడే తెలుస్తుంది. నూనె అణువులో ఒక గ్లిసరాల్‌ను పట్టుకుని మూడు కొవ్వు ఆమ్లాలు ఉంటాయి. వేడికీ, వేయించే ముక్కల్లోంచి వచ్చే తేమకూ ఆ పట్టు సడలుతుంది. విడిపోయిన కొవ్వు ఆమ్లాలు త్వరగా ఆవిరై నీలిరంగు పొగగా కనిపిస్తాయి. ఒంటరిగా మిగిలిన గ్లిసరాల్ విపరీతమైన వేడికి తనలోని నీటిని పోగొట్టుకుని అక్రోలిన్‌గా మారుతుంది. కళ్లు మండించి, గొంతు పట్టేసే ఘాటు దానిదే. ఆ ఘాటు, విరిగిన నూనెలోని ఇతర పదార్థాలు, అడుగున మాడిన పొడి కలిసి వంటకు చేదు పట్టిస్తాయి.

అపోహ: పట్టికలో రాసిన స్మోక్ పాయింట్, అంటే నూనె పొగ వదలడం మొదలుపెట్టే వేడి, ఆ నూనెకు ఎప్పటికీ అంతే.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టే అపోహ ఇది. శుద్ధి చేయని వేరుశనగ నూనెకు ఆ అంకె సుమారు 160, శుద్ధి చేసినదానికి సుమారు 230. గింజ ఒక్కటే. శుద్ధిలో విడి కొవ్వు ఆమ్లాలు, సన్నని నలుసులు పోతాయి కాబట్టి అంత తేడా. అవే కొవ్వు ఆమ్లాలు, నలుసులు మన మూకుడులో మళ్లీ చేరితే ఆ అంకె మళ్లీ కిందికి దిగుతుంది.

ఒకసారి దీన్ని శిష్యులకు కళ్లారా చూపించాను. తాజా పొద్దుతిరుగుడు నూనె కొంచెం చిన్న గిన్నెలో పోసి, గాలి తగలకుండా, పొగ స్పష్టంగా కనబడేలా వెనక నల్లటి పళ్లెం నిలబెట్టి, మెల్లగా కాచాం. పొగ సన్నని దారంలా ఆగకుండా లేచేసరికి థర్మామీటర్ 226 చూపింది. తర్వాత మూకుడులోని నూనెలో పిండి అద్దిన బంగాళాదుంప ముక్కలను 175 దగ్గర వాయిదాలుగా వేయించాం. మర్నాడు అందులోంచి కొంచెం తీసి అలాగే కాచితే 207కే పొగ వచ్చింది. మూడో రోజుకు 188. అంటే వంట వేడికీ పొగకీ మధ్య మొదట 51 డిగ్రీల ఎడం ఉండేది, చివరికి 13 మిగిలింది. మంట కాస్త పెరిగినా దాటేస్తుంది. ఆ నూనె రంగు అప్పటికింకా పెద్దగా నల్లబడలేదు. రంగును చూసి నూనెను నమ్మకూడదని నేను చెప్పేది అందుకే. ముక్కలు వేసినప్పుడు పైన తేలి ఎంతకీ చితకని నురగ, చల్లారాక వేళ్లకు జిగటగా తగలడం, ఇవి నమ్మదగిన గుర్తులు. పరీక్షకు కాచిన నూనెను మాత్రం పారబోశాం.

పాత నూనెలో కొత్త నూనె కలిపితే సరిపోతుందని కొందరంటారు. పాత నూనెలో చేరిన విడి కొవ్వు ఆమ్లాలను, నలుసులను అది పలచన చేస్తుందే తప్ప తీసేయదు. పైగా పాత నూనెలోని విరుగుళ్లు కొత్తదాన్ని కూడా త్వరగా పాడు చేస్తాయి.

అపోహ: స్మోక్ పాయింట్ ఎంత ఎక్కువుంటే నూనె అంత మంచిది.

పొగ రాకముందే చెడటం మొదలవుతుంది. మామూలు పొద్దుతిరుగుడు నూనెలో ఉండే లినోలిక్ ఆమ్లం వేడికి గాలిలోని ఆక్సిజన్‌తో తొందరగా కలుస్తుంది. అప్పుడు ఆల్డిహైడ్లనే హానికర పదార్థాలు పుడతాయి. ఎక్స్‌ట్రా వర్జిన్ ఆలివ్ నూనె సుమారు 190 డిగ్రీలకే పొగ వదిలినా, దానిలోని కొవ్వు రకం, సహజ ఆక్సీకరణ నిరోధకాల వల్ల ఆ మార్పును ఎక్కువసేపు తట్టుకుంటుంది. కాబట్టి పొగ అంకె పైహద్దు మాత్రమే. ఎంతసేపు, ఎన్నిసార్లు కాచారన్నది కూడా లెక్కే.

ఇక పీల్చే పొగ సంగతి. అధిక వేడిపై వేయించేటప్పుడు వచ్చే పొగలను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ‘బహుశా క్యాన్సర్ కారకం’ అనే 2ఏ వర్గంలో చేర్చింది. ఒక్కసారి పొగ వస్తే కంగారు పడక్కర్లేదు. రోజూ ఆ పొగలో నిలబడేవాళ్లకే ముప్పు. అందుకే మా పొయ్యి మీద గాలి లాగే ఫ్యాన్ ముందు తిరగాలి, మంట తర్వాతే.

పొగ కనిపిస్తే మంట ఆపి, మూకుడును కదపకుండా అక్కడే ఉంచండి. నీళ్లు అస్సలు పోయవద్దు. నూనె అంటుకుంటే గాలి అందకుండా మూత పెట్టి చల్లారేదాకా తీయకండి. పొగలు కక్కిన ఆ నూనెలో మళ్లీ ఏమీ వేయించకండి.