థీసిస్‌కి ప్రూఫ్ చూసినవాళ్ల పేరు వేయాలా? కొన్ని అపోహలు, వాస్తవాలు

తెలుగు, చరిత్ర, సామాజిక శాస్త్రాల సిద్ధాంత గ్రంథాలకు ప్రూఫ్ చూడటం నా పని. ఫైలుతో పాటు నాకు దాదాపు ప్రతిసారీ వచ్చే మాట: "మేడమ్, మీరు చూసినట్టు ఎవరికీ తెలియకూడదు."

అపోహ: బయటివాళ్లతో ప్రూఫ్ చూపించుకోవడమే తప్పు.

అక్షర దోషాలు, విరామ చిహ్నాలు, వాక్యంలో కర్తకీ క్రియకీ పొంతన, పేర్ల వరస, పాదసూచికల తీరు: వీటిలో సాయం తీసుకోవడం సాధారణంగా తప్పు కాదు. అయితే ముందుగా మీ పర్యవేక్షకులకు చెప్పి, యూనివర్సిటీ నిబంధనలు చూసుకోవాలి. ఆస్ట్రేలియాలో ఎడిటర్ల సంఘం ఈ విషయంలో మార్గదర్శకాలే రాసిపెట్టింది. డబ్బు తీసుకుని థీసిస్ చూసిన ఎడిటర్ పేరు, చేసిన పని ఏమిటో కృతజ్ఞతల్లో వేయాలని అవి చెబుతాయి. డబ్బులిచ్చాం కాబట్టి పేరెందుకు అని కొందరు అడుగుతుంటారు. నాకు ముట్టిన డబ్బుకీ ఆ పేరుకీ సంబంధం లేదు. గ్రంథంలో ఎవరి చేయి ఎంతవరకు పడిందో పరీక్షకుడికి తెలియడానికే ఆ పేరు.

అపోహ: మార్చింది భాషే కదా, ఎంత మార్చినా ఫరవాలేదు.

అసలు చిక్కు ఇక్కడే. చేనేత సంఘాల మీద వచ్చిన ఒక థీసిస్ సంగతి చెబుతాను. గుర్తుపట్టకుండా వివరాలు, అంకెలు మార్చాను. అందులో ఒక వాక్యం: "సంఘాలు మూతపడినందువల్లే యువకులు మగ్గం వదిలేసారు." 'వదిలేసారు'ని 'వదిలేశారు' చేయడం నా పని. కానీ కింద పట్టికలో మాట్లాడిన 42 మందిలో 25 మంది సంఘం మూతపడకముందే మానేశామన్నారు. అంటే పట్టిక ఒకటి చెబుతుంటే వాక్యం ఇంకొకటి చెబుతోంది. 'వల్లే' తీసేసి 'కూడా ఒక కారణం కావచ్చు' అని రాయడం నాకు రెండు నిమిషాల పని. రాస్తే ఆ నిర్ధారణ నాదైపోతుంది. అందుకే పక్కన వ్యాఖ్య పెట్టాను: "పట్టిక ప్రకారం 25 మంది ముందే మానేశారు. వాక్యం సరిచూడండి." పరిశోధకురాలు వారం తర్వాత ఆ పేరా మొత్తం తిరగరాసింది. అది నాకు తట్టని కోణంలో ఉంది, నేను రాసి ఉంటే దానికంటే పేలవంగా వచ్చేది.

అదే థీసిస్‌లో ఇంకో తప్పు జరిగింది, అదీ నాకంటే ముందు. ఒక నేతన్న మాట ఆమె నోట్సులో ఇలా ఉంది: "సంఘం బందయినంక గూడ ఏడాది దాంక నేసిన." డీటీపీ చేసినవాళ్లు, మంచి మనసుతోనే, దాన్ని "సంఘం మూతపడిన తర్వాత కూడా సంవత్సరం వరకు నేశాను" అని 'సరిచేశారు'. మాట్లాడినవాళ్ల మాట పరిశోధనకు సమాచారం. దానికి ప్రూఫ్ చూడకూడదు. నోట్సు, రికార్డింగు దగ్గర పెట్టుకుని ఇరవై పేజీలు వెనక్కి మార్చాల్సి వచ్చింది. అప్పటినుంచి ఫైలు తీసుకునేటప్పుడే ఉటంకింపులన్నిటికీ రంగు వేయించుకుంటున్నాను. రంగున్నచోట చేయి పెట్టను.

గీత దాటామో లేదో తెలుసుకోవడానికి నాకు తెలిసిన తేలికైన పరీక్ష ఒకటుంది. మార్పులు కనిపించేలా, ట్రాక్ ఛేంజెస్‌తో పనిచేయాలి. పరిశోధకుడు ఒక్కో మార్పునీ చూసి ఒప్పుకోవాలి, లేదా తోసేయాలి. 'ఇది ఎందుకు మార్చారు' అని వైవాలో అడిగితే జవాబు చెప్పలేని మార్పు ఉంటే, అది ప్రూఫ్ దాటిపోయినట్టే. 'అన్నీ ఒకేసారి ఓకే కొట్టేశాను' అన్నవాళ్లకు ఫైలు తిప్పి పంపుతాను. వాదన అల్లడం, అధ్యాయాల వరస మార్చడం, సాహిత్య సమీక్ష రాయడం, అనువాదాన్ని సొంత రచనగా చూపించడం కృతజ్ఞత చెప్పినంత మాత్రాన ఒప్పైపోవు.

అపోహ: పేరు వేస్తే చాలు, ఎలా వేసినా ఒకటే.

"ఈ గ్రంథం రూపుదిద్దుకోవడంలో సర్వవిధాలా సహకరించిన" అని రాస్తే సగం థీసిస్ నేనే రాశానన్న అర్థం వస్తుంది. నేను అడిగి వేయించుకునే వాక్యం ఇంతే: "రెండు నుంచి ఐదు వరకు అధ్యాయాల్లో అక్షర దోషాలను, వాక్య నిర్మాణాన్ని ఫలానావారు సరిచూశారు. విషయం, నిర్ధారణలు, మిగిలిన దోషాలు నావి." పేరు వేసేముందు ఆ మనిషిని అడగాలి. వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ అయితే, వ్యాసాల్లో కృతజ్ఞత చెప్పేవాళ్ల దగ్గర రాతపూర్వక అనుమతి తీసుకోమంటుంది. పేరుంటే ఆ వ్యాసాన్ని వాళ్లు సమర్థించినట్టు చదివేవాళ్లు అనుకోవచ్చని. నేనూ రెండుసార్లు వద్దన్నాను. రెండుసార్లూ నా వ్యాఖ్యలన్నీ తీసేసి, నేను సరిచూశానని మాత్రం రాశారు.

అపోహ: కృతజ్ఞతల పేజీ పెరిగితే కాపీ శాతం పెరుగుతుంది.

యూజీసీ 2018 నిబంధనల ప్రకారం పోలికల లెక్కలోంచి ముందుమాట, విషయసూచిక, కృతజ్ఞతలు, ఉపయుక్త గ్రంథాల జాబితా మినహాయింపు. కాబట్టి పేరు వేయకపోవడానికి ఇది సాకు కాదు. సీనియర్ థీసిస్‌లోంచి కృతజ్ఞతలు మక్కీకి మక్కీ దించేసి, అందులో వాళ్ల ప్రూఫ్‌రీడర్ పేరు కూడా అలాగే ఉంచేసినవాళ్లని నేను చూశాను. ఆ పేరు నాదే.