ఖర్చు తగ్గింది, మరి 4 లక్షల 20 వేలు ఎటు పోయాయి? ఓవర్‌హెడ్ రేటు మీద అపోహలు - వాస్తవాలు

బాలానగర్‌లో నాలుగు సీఎన్‌సీ మెషిన్లున్న ఒక జాబ్‌వర్క్ షాప్‌కి నేను కాస్టింగ్ చూస్తాను. మొన్న ఏడాది లెక్క ముగించి కాగితం ముందు పెడితే ఓనరు గారు కళ్లద్దాలు తీసి పక్కన పెట్టారు. "ఏంది సార్, బడ్జెట్ కంటే 1,80,000 తక్కువ ఖర్చు పెట్టినం కదా, మళ్లా 4,20,000 అండర్ అబ్జార్బ్ అంటరేంది?" ఆయన అడిగినదాంట్లో తప్పు లేదు. ఏ ఒక్క జాబుకీ నేరుగా అంటగట్టలేని అద్దె, కరెంటు లాంటి ఖర్చులే ఓవర్‌హెడ్. వాటిని ఒక గంట రేటుతో జాబుల మీద ఎక్కించడమే అబ్జార్ప్షన్. అసలు ఖర్చు కంటే తక్కువ ఎక్కితే అండర్, ఎక్కువ ఎక్కితే ఓవర్. ఈ సబ్జెక్టులో అపోహలన్నీ ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి.

అపోహ: బడ్జెట్‌కీ అసలు ఖర్చుకీ తేడాయే అండర్ లేదా ఓవర్ అబ్జార్ప్షన్

కాదు. పోల్చాల్సింది అసలు ఖర్చునీ, జాబుల మీద మనం ఎక్కించిన ఖర్చునీ. బడ్జెట్ పని ఏప్రిల్‌లో రేటు కట్టడంతోనే అయిపోతుంది.

ఆ షాప్ రేటు ఇలా కట్టాం. 300 రోజులు, రోజుకు రెండు షిఫ్టులు, షిఫ్టుకు 8 గంటలు, నాలుగు మెషిన్లు: 19,200 గంటలు. సెట్టింగుకీ, రిపేర్లకీ, క్లీనింగుకీ మామూలుగా పోయే 3,200 తీసేస్తే 16,000. ఓవర్‌హెడ్ బడ్జెట్ 48,00,000. అందులో షెడ్డు అద్దె, డిప్రిసియేషన్, సూపర్‌వైజర్ల జీతాలు, కరెంటు బిల్లులో డిమాండ్ చార్జీలు లాంటి ఫిక్స్‌డ్ ఖర్చు 36,00,000. వాడిన యూనిట్లకు పడే కరెంటు, కూలెంట్, టూల్ ఇన్సర్టుల్లాంటి వేరియబుల్ ఖర్చు 12,00,000. 48,00,000ను 16,000తో భాగిస్తే గంటకు 300. అందులో 225 ఫిక్స్‌డ్, 75 వేరియబుల్.

ఏడాది చివరికి మెషిన్లు తిరిగింది 14,000 గంటలే. గంటకు 300 చొప్పున జాబుల మీద ఎక్కింది 42,00,000. అసలు ఖర్చు 46,20,000. తేడా 4,20,000, అదే అండర్ అబ్జార్ప్షన్.

ఇంకో మెట్టు దిగితేనే ఓనరు గారికి జవాబు దొరుకుతుంది. 14,000 గంటలకు అవ్వాల్సిన ఖర్చెంత? ఫిక్స్‌డ్ 36,00,000 అలాగే ఉంటుంది, వేరియబుల్ 10,50,000. మొత్తం 46,50,000. ఆయన పెట్టింది 46,20,000 కాబట్టి ఖర్చులో 30,000 మిగిల్చారు, నిజమే. కానీ తిరగని 2,000 గంటల మీద ఎక్కాల్సిన 225 రూపాయల ఫిక్స్‌డ్ ఖర్చు, అంటే 4,50,000, ఏ జాబూ మోయలేదు. అందులోంచి 30,000 తీసేస్తే 4,20,000. ఆయన "తగ్గించాం" అనుకున్న 1,80,000లో 1,50,000 ఎవరూ తగ్గించింది కాదు. మెషిన్ తిరగకపోతే ఆ వేరియబుల్ ఖర్చు ఎలాగూ ఉండదు.

"మెషిన్ ఆగితే కరెంటు మిగులుతది కదా" అన్నారు. యూనిట్ల మేరకు మిగులుతుంది. హెచ్‌టీ, అంటే హై టెన్షన్ కనెక్షన్‌కి డిమాండ్ చార్జీ మాత్రం మీటర్లో రికార్డయిన గరిష్ఠ డిమాండ్, కరెంటు కంపెనీతో ముందే ఒప్పుకున్న కాంట్రాక్టు డిమాండ్‌లో 80 శాతం, ఈ రెండిట్లో ఏది ఎక్కువైతే దాని మీద పడుతుంది. ఆగిన మెషిన్ కూడా బిల్లు తింటూనే ఉంటుంది.

అపోహ: ముందస్తు రేటు ఉజ్జాయింపే, ఏ నెలకా నెల అసలు రేటు కడితే గొడవే ఉండదు

దసరా నెల తీసుకోండి. బతుకమ్మకీ దసరాకీ ఊళ్లకు పోయిన ఆపరేటర్లు తిరిగొచ్చేసరికి నెలలో 900 గంటలే నడిచాయి. నెల ఫిక్స్‌డ్ ఖర్చు 3,00,000, అంటే గంటకు 333, పైన 75. మొత్తం 408. తర్వాతి నెల 1,500 గంటలు నడిస్తే అదే గంట 275 పడుతుంది. అదే డ్రాయింగ్, అదే మెషిన్, అదే ఆపరేటర్. కస్టమర్‌కి ఏ రేటుతో కోట్ చేస్తారు? పైగా అసలు రేటు తెలిసేది నెలాఖరు బిల్లులన్నీ వచ్చాక. కొటేషన్ అడిగేవాడు అప్పటిదాకా ఆగడు. దసరా నెలలో కనబడే అండర్ అబ్జార్ప్షన్‌ని ఆ నెలే నష్టంగా కొట్టెయ్యక్కర్లేదు, మేనేజ్‌మెంట్ లెక్కల్లో పక్కన ఉంచితే బిజీ నెలలు చాలావరకు సర్దేస్తాయి. మార్చి 31న మిగిలిందే అసలు సమస్య.

అపోహ: మిగిలినదాన్ని సప్లిమెంటరీ రేటుతో పంచేస్తే సరి

పరీక్ష పేపర్లలో ఇదే ఎక్కువ కనబడుతుంది. 4,20,000ను 14,000తో భాగిస్తే గంటకు 30. స్టాకులో 2,000 గంటల పని ఉంటే స్టాకు విలువ 60,000 పెరుగుతుంది, ఈ ఏడాది నష్టం అంతమేర వచ్చే ఏడాదికి జరుగుతుంది. రేటే తప్పు కట్టినప్పుడు, ఉదాహరణకు ఒక పెద్ద ఖర్చు బడ్జెట్‌లో మర్చిపోయినప్పుడు, ఈ పద్ధతి న్యాయమే. ఇక్కడ రేటు తప్పు కాదు, మెషిన్లు ఖాళీగా ఉన్నాయి. 800 గంటలు ఒక స్పిండిల్ పాడై, విడిభాగం కోసం ఎదురుచూడటంలో పోయాయి. 1,200 గంటలు ఆర్డర్లు లేక పోయాయి.

అకౌంటింగ్ స్టాండర్డ్ ఏఎస్ 2 ఇక్కడ సూటిగా చెబుతుంది: ఫిక్స్‌డ్ ప్రొడక్షన్ ఓవర్‌హెడ్‌ని మామూలు సామర్థ్యం మీద పంచాలి. ప్రొడక్షన్ తక్కువైనందుకు ఒక్కో పీసు మీద ఎక్కువ ఎక్కించకూడదు, మిగిలింది ఆ ఏడాది ఖర్చే. కాబట్టి 4,50,000 నేరుగా లాభనష్టాల ఖాతాకే పోయింది. 30,000 పొదుపు చిన్న మొత్తం కాబట్టి దాన్నీ అక్కడికే పంపాం.

ఓవర్ అబ్జార్బ్ అయితే లాభమే కదా అంటారా? ప్రొడక్షన్ మామూలు కంటే బాగా ఎక్కువైతే అదే స్టాండర్డ్ పీసుకు ఎక్కే ఫిక్స్‌డ్ ఖర్చు తగ్గించమంటుంది, లేకపోతే స్టాకు అసలు ఖర్చుకు మించి కనబడుతుంది. ఇంకో చిట్కా కూడా విన్నాను: ఆర్డర్ లేకున్నా మార్చిలో 1,000 గంటలు తిప్పి 2,25,000 "అబ్జార్బ్" చేద్దామని. పేపర్ మీద కుదురుతుంది. కానీ ఒక కస్టమర్ డ్రాయింగుకి చేసిన పీసును ఆ కస్టమర్ కొనకపోతే తుక్కు ధరే వస్తుంది. స్టాకును ఖర్చు, రాబట్టగల విలువ, రెండిట్లో తక్కువదానికే చూపాలి కదా.

అపోహ: గంటలంటే గంటలే

ఈ షాప్‌లో నేను ఎక్కువసేపు కూర్చుంది దీని మీదే. వాళ్ల అకౌంటెంట్ మొదట తెచ్చిన షీట్‌లో 60,000 ఓవర్ అబ్జార్బ్ అని ఉంది. జాబ్ కార్డుల మొత్తం 15,600 గంటలు, 300 చొప్పున 46,80,000. లెక్క తప్పు లేదు. అనుమానం వచ్చి ఆయిల్ మరకల జాబ్ కార్డులు ఒక కట్ట తిరగేశాను. ఆపరేటర్లు ఫిక్స్చర్ బిగించడం మొదలుపెట్టిన టైమ్ నుంచి రాస్తున్నారు. రేటు కట్టినప్పుడు సెట్టింగ్ గంటలు తీసేశాం, కార్డుల్లో మాత్రం కలిపేశారు. భాగించిన గంట ఒకటి, గుణించిన గంట ఇంకొకటి.

కంట్రోలర్ టైమర్ స్క్రీన్‌లో OPERATING TIME ఏడాది మొదట్లోది లాగ్ బుక్కులో రాసి ఉంది. ఆఖరిది చూసి తేడా తీశాను. నాలుగు మెషిన్లూ కలిపి 14,000 దగ్గరికొచ్చింది. మిగతా 1,600 సెట్టింగే. ఆ మేరకు జాబుల మీద 4,80,000 ఎక్కువ పడింది, 60,000 "మిగులు" 4,20,000 లోటుగా తేలింది. ఇప్పుడు కార్డు మీద సెట్టింగుకీ రన్నింగుకీ వేరు వేరు గడులు కొట్టించాం. ఆపరేటర్లు మొదటి వారం రెండిట్లోనూ అదే టైమ్ రాశారు.