నెమ్మదిగా ఉడికే గుడ్డు: అపోహలు - వాస్తవాలు

మా కిచెన్‌లో బ్రేక్‌ఫాస్ట్ సెక్షన్‌కి కొత్తగా వచ్చిన కుర్రాళ్లు 64 డిగ్రీల నీళ్లలో గంట ఉంచిన గుడ్డు పగలగొట్టగానే అనే మాట ఒకటే: "అన్నా, ఇది ఉడకలేదు." తెల్లసొన ప్లేటు మీద పాకుతుంటుంది. పచ్చసొన మాత్రం గుండ్రంగా నిలబడి, చెంచాతో నొక్కితే జామ్‌లా విడుతుంది. ఈ గుడ్డు చుట్టూ ఉన్న అపోహల్లో చాలావరకు ఈ ఒక్క దృశ్యం నుంచే పుడతాయి.

అపోహ: తెల్లసొన ముందు గట్టిపడుతుంది, పచ్చసొన తర్వాత.

మరిగే నీళ్లలో అయితే నిజమే. వేడి పెంకు వైపు నుంచి లోపలికి పోతుంది కాబట్టి బయటున్న తెల్లసొన గట్టిపడేసరికి నడిమధ్య పచ్చసొనకి ఇంకా సరిగ్గా వేడే తగలదు. నీళ్లని తిప్పుతూ ఒకే వేడిలో ఉంచే సర్క్యులేటర్ మెషీన్ పెట్టిన 64 డిగ్రీల తొట్టిలో సంగతి వేరు. సుమారు అరగంటలో గుడ్డు లోపలా బయటా దాదాపు ఒకే వేడికి వస్తుంది. ఇక ఏది ముందు గట్టిపడాలో ప్రోటీన్లే తేలుస్తాయి.

తెల్లసొనలో ప్రోటీన్లు చాలా రకాలు. వాటిలో ఓవోట్రాన్స్‌ఫెరిన్ 61-62 డిగ్రీల దగ్గరే మడతలు విప్పుకుని, ఒకదానికొకటి అల్లుకోవడం మొదలుపెడుతుంది. కానీ అది మొత్తంలో ఎనిమిదో వంతు మాత్రమే. సగానికి పైగా ఉండే ఓవాల్బుమిన్ 80 దగ్గరికి వస్తే గాని దారికి రాదు. అందుకే 64 దగ్గర తెల్లసొన పాలలా తెల్లబడి, వణుకుతూ ఆగిపోతుంది. పచ్చసొనలో కొవ్వుతో కలిసున్న ప్రోటీన్లకి అంత వేడి అక్కర్లేదు. 60 దాటాక తగినంత టైమ్ ఇస్తే చాలు, చిక్కబడుతూ పోతాయి.

అపోహ: డిగ్రీ సెట్ చేశాక ఎంతసేపు ఉంచినా తేడా రాదు.

నాకు బాగా చిరాకు తెప్పించేది ఇదే. "64 డిగ్రీల గుడ్డు" అని మెనూలో రాయడం వల్ల డిగ్రీ ఒక్కటే లెక్క అనిపిస్తుంది. 2011లో సెసార్ వేగా, రూబెన్ మెర్కాదె-ప్రియెతో అనే ఇద్దరు పరిశోధకులు పచ్చసొన చిక్కదనాన్ని కొలిచి చూపించారు: 60ల్లో అది డిగ్రీతో పాటు టైమ్ మీద కూడా ఆధారపడుతుంది. అదే వేడిలో ఉన్నా చిక్కబడడం ఆగదు.

ఆదివారం బ్రేక్‌ఫాస్ట్‌నే తీసుకోండి. 7 గంటలకి గుడ్లన్నీ 64లో వేస్తాం. 8కి తీసినది మనకు కావలసిన జామ్. 9కి తీస్తే గట్టిపడి, కోస్తే అంచు నిలబడుతుంది. 10కి వచ్చిన కస్టమర్‌కి అది మామూలు ఉడికిన గుడ్డులాగే అనిపిస్తుంది, ఫిర్యాదు వస్తుంది. అందుకే గంట కాగానే అన్నింటినీ ఐస్ నీళ్లలోకి మార్చేస్తాం. ఆర్డర్ రాగానే 60 డిగ్రీల నీళ్లలో ఓ పావుగంట వేడి చేస్తాం. 60 దగ్గర పచ్చసొన అంత నెమ్మదిగా మారుతుంది కాబట్టి ఆ పావుగంట లెక్కలోకి రాదు.

ఒక్క డిగ్రీ తేడా కూడా తెలుస్తుంది. 63లో గంట ఉంచితే సొన ఇంకా కారుతుంది, 66లో గంట ఉంచితే ముద్దవుతుంది. తొట్టిలో నీళ్లు తిరగక ఓ మూల చల్లగా ఉంటే ఒకే బ్యాచ్‌లో రెండు రకాల గుడ్లు వస్తాయి. అప్పుడు మెషీన్ మీద కనిపించే అంకెని నమ్మకుండా ఆ మూలలో థర్మామీటర్ పెట్టి చూడాలి.

అపోహ: తెల్లసొన జారుతోందంటే పచ్చిదే, తింటే ప్రమాదం.

జారడానికీ క్రిములకీ నేరుగా సంబంధం లేదు. పెంకుతో ఉన్న గుడ్డుని 57 డిగ్రీల్లో గంటంపావు ఉంచితే సాల్మొనెల్లా భయం పోతుంది, తెల్లసొన మాత్రం చూడ్డానికి పచ్చిగానే ఉంటుంది. 64లో గంట అంతకన్నా గట్టి వేడి. ప్రమాదమల్లా గోరువెచ్చని నీళ్లలో గంటల తరబడి వదిలేయడంలోనే.

అపోహ: రెండు సొనలూ ఒకేసారి కుదరవు.

కుదురుతాయి, కాకపోతే పని రెండుసార్లు. గుడ్డుని ముందు మరిగే నీళ్లలో 3 నిమిషాలు ఉంచి, ఐస్‌లో చల్లార్చి, తర్వాత 64లో వేస్తాం. బయటి తెల్లసొన అప్పటికే నిలబడి ఉంటుంది. పాత గుడ్డులో పల్చటి తెల్లసొన ఎక్కువ కాబట్టి ఎలా చేసినా కొంత కారుతుంది. పగలగొట్టాక చిల్లుల గరిటెలో వేసి దాన్ని వంపేయడమే మేలు.

2025లో ఇటలీలోని నేపుల్స్ పరిశోధకులు ఇంకో దారి చూపించారు. గుడ్డుని 100 డిగ్రీల నీళ్లలో 2 నిమిషాలు, 30 డిగ్రీల నీళ్లలో 2 నిమిషాలు, ఇలా మార్చి మార్చి మొత్తం 32 నిమిషాలు ఉంచాలి. తెల్లసొన వేడెక్కుతూ చల్లారుతూ గట్టిపడుతుంది, పచ్చసొన మాత్రం 67 దగ్గర స్థిమితంగా ఉండిపోతుంది. ఇంట్లో రెండు గుడ్లకి సరదాగా చేసుకోవచ్చు. ఆదివారం రష్‌లో గిన్నెల మధ్య నిలబడి 16 సార్లు గుడ్లు మార్చమంటే మాత్రం మా కుర్రాళ్లు ఏప్రన్ విప్పి నా చేతిలో పెడతారు.